కింద ఫ్లాట్ నుంచి కంప్లయింట్ వచ్చింది, గ్రూపులో ఏం రాయాలి?

(శనివారం ఉదయం ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. సలహా ఇస్తున్నవారు పదేళ్లకు పైగా ఒక అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిగా చేసినవారు.)

యాంకర్: హలో, చెప్పండమ్మా. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

కాలర్: నమస్తే అండీ, మియాపూర్ నుంచి. మాది మూడో అంతస్తు, 302. మా కింద 202లో ఉండే ఆయన నిన్న రాత్రి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మా మీద పోస్ట్ పెట్టారు. నలభై మంది చూశారు. రాత్రంతా నిద్ర లేదు నాకు.

సలహాదారు: ఏం రాశారో చదవండమ్మా.

కాలర్: "పైన ఉండే కొందరికి కింద మనుషులు ఉంటారన్న స్పృహ లేదు. తెల్లారుజామున మిక్సీ, పగలంతా పరుగులు, రాత్రి పదకొండింటికి సామాన్లు పడేయడం. ఇది అపార్ట్‌మెంటా, రైస్ మిల్లా?" అని.

సలహాదారు: మీరేమైనా రాశారా?

కాలర్: టైప్ చేశాను కానీ పంపలేదు. "మా ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు, కట్టేసి పెట్టలేం. అంత ఇబ్బందైతే ఇండిపెండెంట్ ఇల్లు కొనుక్కోండి."

సలహాదారు: (నవ్వుతూ) మంచిపని చేశారు పంపకుండా. ఆ రెండో వాక్యం పంపుంటే ఇక మిక్సీ సంగతి ఎవరికీ గుర్తుండదు, దాని మీదే నడుస్తుంది గొడవ. సరే, ఆయన ఒకే పోస్టులో మూడు చప్పుళ్లు కలిపేశారు. మనం విడదీద్దాం. మిక్సీ మీదేనా?

కాలర్: మాదేనండీ. మావారి కంపెనీ బస్సు ఆరింటికి. ఐదుంపావుకి చట్నీ వేస్తాను. రెండు నిమిషాలే.

సలహాదారు: మీకు రెండు నిమిషాలు. పడుకున్న మనిషికి మెలకువ వచ్చాక మళ్లీ నిద్ర పట్టొద్దూ? మిక్సీ తిరుగుతున్నప్పుడు వంటగట్టు మీద అరచేయి ఆనించి చూడండి. వణుకు తెలుస్తుంది. మిక్సీ నుంచి గ్రానైట్‌కి, గ్రానైట్ నుంచి గోడకి, గోడ నుంచి కింది వాళ్ల గదికి వెళ్లేది ఆ వణుకే. అందుకే తలుపులు మూసినా లాభం ఉండదు. నాలుగు కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టండి, గోడకు తగలకుండా ముందుకు జరపండి. తువ్వాలు మడిచి మాత్రం పెట్టొద్దు. అడుగున గాలి పోయే రంధ్రాలు మూసుకుపోయి మోటారు వేడెక్కుతుంది.

కాలర్: రబ్బరు పెడితే చప్పుడు పోతుందా?

సలహాదారు: తగ్గుతుంది, పోదు. కాబట్టి టైమ్ మార్చాలి. పల్లీ చట్నీ అయితే రాత్రి తొమ్మిదిలోపే చేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. తాలింపు పొద్దున వేసుకోవచ్చు.

కాలర్: మావారు ఒప్పుకుంటే కదండీ!

సలహాదారు: గ్రూపులో ఆ పోస్టు చూశాక ఒప్పుకుంటారులెండి. బాబు ఎంత వయసు?

కాలర్: నాలుగేళ్లు. హాల్లోనే పరుగులు.

సలహాదారు: పలచటి కార్పెట్ పనికిరాదు, మడమ దెబ్బ దాన్ని దాటి స్లాబ్‌కి తగులుతుంది. పిల్లలకి వేసే మందపాటి ఫోమ్ మ్యాట్ తెచ్చి పరుగెత్తే చోట వేయండి. కుర్చీల కాళ్లకు రబ్బరు బుష్‌లు తొడగండి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పరుగులు బంద్. పగలు మాత్రం ఆడుకోనివ్వండి, అందులో తప్పులేదు, అది సూటిగా చెప్పండి కూడా. ఇక ఆ పదకొండింటి చప్పుడు?

కాలర్: అదేనండీ నా బాధ. మేం పదింటికే పడుకుంటాం. ఆ "ధబ్" అనేది మాకూ వినిపిస్తుంది. 402 వాళ్లు ఏదో పడేస్తున్నారని నేనే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ!

సలహాదారు: చూశారా, ఆయన మిమ్మల్ని అనుకుంటే మీరు పైవాళ్లని అనుకుంటున్నారు! కాంక్రీటు బిల్డింగ్‌లో చప్పుడు స్తంభాల వెంట, పైపుల వెంట పాకుతుంది. వినేవాళ్లకు అది నెత్తి మీద నుంచే వచ్చినట్టు ఉంటుంది. మీ వాచ్‌మన్ సంపులోంచి పై ట్యాంకుకి మోటారు ఎప్పుడు వేస్తాడు?

కాలర్: పదిన్నర ప్రాంతంలో అనుకుంటా. పదకొండుకి ఆపేస్తాడు.

సలహాదారు: ఆ చప్పుడు ఎక్కువగా ఏ గదిలో వినిపిస్తుంది?

కాలర్: బాత్రూమ్ పక్క బెడ్రూమ్‌లో. ఆ గోడ వెనకే డక్ట్.

సలహాదారు: నా అనుమానం పైపు మీదే. మోటారు ఆపగానే పైకి ఎక్కుతున్న నీళ్లు ఒక్కసారి కిందకి తిరుగుతాయి. వాటిని ఆపడానికి నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటుంది. అది అరిగినా, ఆలస్యంగా మూసుకున్నా ధబ్‌మని కొట్టుకుంటుంది. డక్ట్‌లో క్లాంపులు వదులైతే పైపు మొత్తం గోడను తంతుంది. తేల్చుకోవడం చాలా సులువు. ఈ రాత్రి మీవారు వాచ్‌మన్ దగ్గర నిలబడాలి, కిందాయన తన బెడ్రూమ్‌లో ఉండాలి. స్విచ్ ఆపిన క్షణానే చప్పుడు వస్తే దొంగ దొరికినట్టే. రాకపోతే ఇంకెక్కడో వెతుకుదాం.

యాంకర్: సార్, రూల్స్ ప్రకారం రాత్రి పది తర్వాతే కదా చప్పుడు చేయకూడనిది? ఆవిడ ఆ మాట రాయొచ్చా?

సలహాదారు: 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. అంటే ఐదుంపావు మిక్సీ రాత్రి కిందికే వస్తుందమ్మా! ఆ రూలు తీస్తే ముందు తగిలేది మీకే. అయినా అవి ఆ ప్రాంతంలో శబ్దం మొత్తం ఎంత ఉండాలో చెప్పే అంకెలు, చట్నీ గొడవకి కొలబద్ద కాదు. ఫోన్‌లో యాప్ పెట్టి కొలిచి గ్రూపులో ఫొటో పెట్టేవాళ్లు ఉంటారు, ఆ పని చేయకండి. ఇప్పుడు రాసుకోండి.

కాలర్: చెప్పండి, పెన్ను ఉంది.

సలహాదారు: "నమస్తే బాబాయి గారూ, 302 నుంచి. మిక్సీ విషయంలో మీరన్నది నిజమే, ఐదుంపావుకి వేస్తున్నది నేనే. రేపటి నుంచి ఆరుకు ముందు వేయను. బాబు ఆడే చోట మందం మ్యాట్ వేస్తున్నాం, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పరుగులు ఉండవు. పగలు మాత్రం ఆడుకుంటాడు, అది పూర్తిగా ఆపలేను. రాత్రి పదకొండింటి చప్పుడు మాది కాదు, మాకూ వినిపిస్తోంది. మోటారు ఆపినప్పుడు పైపులో వస్తోందేమో అని అనుమానం. ఈ రాత్రి మీరూ మావారూ కలిసి చూస్తే తేలుతుంది. ఇకమీదట ఏ ఇబ్బందున్నా ముందు నాకు ఫోన్ చేయండి, గ్రూపులో పెడితే బాధగా ఉంది." అంతే.

కాలర్: "క్షమించండి" అని రాయొద్దా?

సలహాదారు: మిక్సీకి రాయండి. పదకొండింటి చప్పుడుకి రాయొద్దు. చేయనిదానికి సారీ చెబితే అది మీ ఖాతాలోనే పడిపోతుంది, రేపు వాల్వ్ రిపేరు మాట కూడా ఎవరూ ఎత్తరు.

కాలర్: అయితే ఇప్పుడే పంపేయనా?

సలహాదారు: ముందు ఒక్క అంతస్తు దిగి ఆయనకి ఇదే మాట నోటితో చెప్పండి. బాబుని కూడా తీసుకెళ్లండి. ఆయన ఇంట్లో ఉంటారా ఇప్పుడు?

కాలర్: ఉంటారండీ, రిటైరయ్యారు. పొద్దున పాల ప్యాకెట్ దగ్గర ఎదురుపడితే ఇద్దరం మొహం తిప్పుకున్నాం.

సలహాదారు: అయితే ఫోన్ పెట్టేసి వెళ్లండి. పోస్టు మధ్యాహ్నం పెట్టుకోవచ్చు. మోటారు సంగతి తేలాక, రాత్రి తొమ్మిదికే ట్యాంకు నింపమని సంఘానికి ఇద్దరూ కలిసి రాయండి, ప్లంబర్ వచ్చేదాకా అది చాలు.

యాంకర్: థాంక్యూ అమ్మా. లైన్లో ఇంకొకరున్నారు... హలో?