పాలసీ కాగితంలో కనిపించని లెక్క

(వనస్థలిపురంలోని ఒక కాలనీ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే హాల్లో ఒక పెద్దాయన తన ఫోను నా ముందు పెట్టి అడిగారు. "చూడండి సార్, నా యులిప్ ఎన్‌ఏవీ ఏడాదిలో పది నుంచి పదిన్నర దాటింది. లక్ష కట్టాను. మరి నా ఖాతాలో లక్ష కూడా ఎందుకు లేదు?" ఆయన ఏజెంటును అడిగితే మార్కెట్ అలా ఉంది అని చెప్పారట. మార్కెట్ తప్పేమీ లేదు. ఎన్‌ఏవీ చెప్పేది ఒక లెక్క, ఖాతా చెప్పేది మరో లెక్క. ఈ రెండూ ఎక్కడ విడిపోతాయో ఇవాళ ఒక ఉదాహరణతో నిదానంగా చూద్దాం.

యులిప్ అంటే మీకు తెలిసిందే. మీరు కట్టే ప్రీమియంలో కొంత బీమాకు పోతుంది, మిగతాది షేర్లలోనో బాండ్లలోనో పెట్టుబడి అవుతుంది. ఆ పెట్టుబడిని యూనిట్లుగా విభజిస్తారు, ఒక్కో యూనిట్ ధర ఎన్‌ఏవీ. మ్యూచువల్ ఫండ్‌లోనూ ఎన్‌ఏవీ ఉంటుంది కాబట్టి రెండూ ఒకే జాతివని మనకు అనిపిస్తుంది. తికమక ఇక్కడే మొదలవుతుంది. మ్యూచువల్ ఫండ్ ఖర్చు మొత్తం ఎన్‌ఏవీలోనే కలిసిపోతుంది. మీ యూనిట్ల సంఖ్య మీరు అమ్మేదాకా తగ్గదు. యులిప్‌లో ఖర్చు మూడు చోట్ల తీసుకుంటారు, వాటిలో ఎన్‌ఏవీలో కనిపించేది ఒక్కటే.

35 ఏళ్ల ఉద్యోగి ఒకాయన ఉన్నారనుకుందాం. ఏడాదికి లక్ష రూపాయల ప్రీమియం, పదిహేనేళ్ల పాలసీ, బీమా మొత్తం 10 లక్షలు. ఛార్జీల అంకెలు నేను ఊహించినవి, ఏ ఒక్క కంపెనీవీ కావు. కానీ ఊరికే గాల్లోంచి తీసినవీ కావు, ఇలాంటి పాలసీలు చాలా చూశాను.

లక్ష కట్టగానే కేటాయింపు ఛార్జీ పేరుతో 5 శాతం పక్కకు పోతుంది. అంటే పెట్టుబడిలోకి వెళ్లేది 95 వేలు. యూనిట్ ధర పది రూపాయలైతే 9,500 యూనిట్లు వస్తాయి. డబ్బు లోపలికి వెళ్లకముందే కోసిన ఈ 5 వేలు ఎన్‌ఏవీలో ఎప్పటికీ కనిపించవు.

రెండోది ఫండ్ నిర్వహణ ఛార్జీ. ఇది ఏడాదికి 1.35 శాతం, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన గరిష్ఠ పరిమితి ఇదే. దీన్ని రోజువారీగా లెక్కగట్టి తీసేసిన తరువాతే ఎన్‌ఏవీ ప్రకటిస్తారు. మార్కెట్ 8 శాతం పెరిగితే, పది రూపాయల యూనిట్ ఏడాది చివర సుమారు 10.65 అవుతుంది. మన పెద్దాయన ఫోనులో చూసింది ఈ అంకెనే.

మూడోదే అసలు గుట్టు. పాలసీ నిర్వహణకు నెలకు 250, బీమా రక్షణకు నెలకు సుమారు 90, కలిపి 340 రూపాయలు ప్రతి నెలా తీసుకుంటారు. మీ జేబులోంచి కాదు, మీ యూనిట్లను రద్దు చేసి. నెలకు ముప్పై మూడో ముప్పై నాలుగో యూనిట్లు మాయమవుతాయి. ఏడాది తిరిగేసరికి 9,500లో దాదాపు 9,105 మిగులుతాయి. ఒక్కోటి 10.65 చొప్పున లెక్కవేయండి, 97 వేలకు కొంచెం తక్కువ. ఎన్‌ఏవీ ఆరున్నర శాతం పెరిగింది, లక్ష రూపాయలు మాత్రం 97 వేలయ్యాయి. రెండూ నిజమే. ఒకటి ధర చెబుతోంది, రెండోది మీ దగ్గర మిగిలిన సరుకు చెబుతోంది.

మన ఫంక్షన్ హాళ్ల ప్యాకేజీ గుర్తు చేసుకోండి. హాలు, అలంకరణ, భోజనాలు, బాజాభజంత్రీలు అన్నీ కలిపి ఒక ధర చెబుతారు. ప్లేటు భోజనం ఎంత పడిందని అడిగితే సమాధానం ఉండదు. "భోజనం చవకే సార్, హాలే కాస్త ఖరీదు" అంటారు. అలంకరణ గురించి అడిగితే అదీ చవకే అంటారు. యులిప్ విషయంలో నాకు వినిపించే మాట కూడా ఇలాగే ఉంటుంది. రాబడి తక్కువేమిటని అడిగితే "బీమా కూడా ఉంది కదండీ" అంటారు. బీమా తక్కువేమిటని అడిగితే "ఇది పెట్టుబడి కదండీ" అంటారు.

సరే, ఆ బీమాకు నిజంగా ఎంత పోయింది? ఇది చాలామంది వేయని లెక్క. బీమా ఛార్జీ వేసేది పూర్తి 10 లక్షల మీద కాదు. చాలా పాలసీల్లో మనిషి పోతే బీమా మొత్తం, ఫండ్ విలువ రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తారు. కాబట్టి కంపెనీ తన సొంత డబ్బు పెట్టాల్సింది 10 లక్షల్లోంచి మీ ఫండ్ విలువ తీసేయగా మిగిలినదే. మొదట్లో అది 9 లక్షల పైమాట. ఏటా మీ ఫండ్ పెరిగేకొద్దీ అది తరుగుతుంది. నేను వేసిన లెక్కలో తొమ్మిదో ఏట ఫండ్ 10 లక్షలు దాటేస్తుంది. అప్పటి నుంచి కంపెనీ భరించే ప్రమాదం సున్నా. ఆ మనిషి పదో ఏట పోతే ఇంటివాళ్లకు వచ్చేది ఆయన పొదుపే, పైన ఒక్క రూపాయి బీమా ఉండదు. పాలసీ కాగితం మీద మాత్రం బీమా మొత్తం 10 లక్షలు అనే రాసి ఉంటుంది.

పదిహేనేళ్లలో ఈ బీమా ఛార్జీ మొత్తం కూడితే 6 వేలకు లోపే వచ్చింది. తప్పు వినలేదు, 6 వేలు. అదే కాలంలో కేటాయింపు ఛార్జీ, మొదటి ఐదేళ్లే తీసుకున్నా, 25 వేలు. పాలసీ నిర్వహణ ఛార్జీ 45 వేలు. ఫండ్ నిర్వహణ ఛార్జీ ఏటా మొత్తం ఫండ్ మీద పడుతుంది కాబట్టి అన్నింటికన్నా పెద్దది. అంటే ఖర్చు బీమా వల్ల పెరిగిందన్న మాట నిలబడదు. (ఫండ్ విలువతో పాటు బీమా మొత్తం కూడా ఇచ్చే రకం పాలసీలూ ఉన్నాయి. వాటిలో రక్షణ తగ్గదు. వయసు పెరిగేకొద్దీ బీమా ఛార్జీ మాత్రం పెరుగుతుంది. మీది ఏ రకమో ముందు చూసుకోండి.)

ఈ పాలసీలో పదిహేనేళ్ల చివర చేతికొచ్చేది సుమారు 24 లక్షల 40 వేలు. మార్కెట్ 8 శాతం ఇచ్చింది, మన మనిషికి దక్కింది ఏడాదికి 5.9 శాతం. ఈ శాతం ఎక్కడా రాసి ఉండదు, మనమే తీసుకోవాలి. కంప్యూటర్‌లో ఎక్సెల్ ఉంటే ఒక్క వరుస చాలు.

```
=RATE(15,-100000,0,2440000,1)
```

పాలసీ అమ్మేటప్పుడు ఇచ్చే బెనిఫిట్ ఇలస్ట్రేషన్‌లో "నికర రాబడి" అనే అంకె ఉంటుంది కదా అంటారు మీరు. ఉంటుంది. 4 శాతం, 8 శాతం అని రెండు ఊహల మీద లెక్కలు చూపించి, 8 శాతం మీద నికర రాబడి వేస్తారు. 2010 సెప్టెంబరు 1 నుంచి ఆ 8 శాతానికి, నికర రాబడికి మధ్య తేడాకు నియంత్రణ సంస్థ హద్దు పెట్టింది. పదేళ్లకు మించిన పాలసీలో గడువు నాటికి 2.25 శాతం దాటకూడదు. అంతకుముందు మొదటి ఏట ప్రీమియంలో పెద్ద భాగం ఛార్జీలకే పోయిన పాలసీలుండేవి, ఆ అన్యాయం చాలావరకు ఆగింది. కానీ ఆ నికర రాబడి లెక్కలో బీమా ఛార్జీని కలపరు. చిన్న అక్షరాల్లో ఆ మాట రాస్తారు కూడా. ముప్పై ఐదేళ్ల వాడికి ఇది పెద్ద తేడా కాదు. యాభై ఐదేళ్ల వయసులో తీసుకున్నవారికి బీమా ఛార్జీ ఎన్నో రెట్లు, అప్పుడు కాగితం మీది అంకెకు, చేతికి దక్కేదానికి బాగా దూరం పెరుగుతుంది. అందుకే ఆ శాతాన్ని వదిలేసి, చివరి ఏడాది వరుసలోని ఫండ్ విలువను తీసుకుని పైన చెప్పిన లెక్క మీరే వేసుకోండి.

ఇప్పుడు విడివిడిగా చేస్తే ఏమవుతుంది? 10 లక్షల టర్మ్ పాలసీకి, అంటే పొదుపు కలపని ఒట్టి బీమాకు, ఏడాదికి 4 వేలు అనుకుందాం, నేను కావాలనే కాస్త ఎక్కువ వేశాను. మిగిలిన 96 వేలు ఏటా ఇండెక్స్ ఫండ్‌లో, అంటే మార్కెట్ సూచీలోని షేర్లనే కొనే, 0.3 శాతం ఖర్చున్న మ్యూచువల్ ఫండ్‌లో పెడితే, అదే 8 శాతం మీద 27 లక్షల 40 వేలు దాకా వస్తుంది. పైగా మధ్యలో మనిషి పోతే ఫండ్‌తో పాటు పూర్తి 10 లక్షలూ వస్తాయి.

ఇక్కడితో ఆపితే నేను కూడా ఏజెంటులాగే సగం లెక్క చెప్పినవాడినవుతాను. ఇండెక్స్ ఫండ్ లాభం మీద పన్ను ఉంది. మొత్తం ఒకేసారి తీసుకుంటే, 1.25 లక్షలు పోగా మిగిలిన లాభం మీద పన్నెండున్నర శాతం, ఇంచుమించు లక్షన్నర. యులిప్‌లో ఏడాది ప్రీమియాలన్నీ కలిపి రెండున్నర లక్షలు మించకపోయి, బీమా మొత్తం ప్రీమియానికి పది రెట్లు ఉంటే గడువుకు వచ్చే డబ్బు మీద పన్ను లేదు. కాబట్టి 3 లక్షల తేడా లక్షన్నరకు దిగుతుంది. ఏజెంటు ద్వారా తీసుకున్న ఖరీదైన మ్యూచువల్ ఫండ్‌తో పోలిస్తే ఇంకా తగ్గవచ్చు. కేటాయింపు ఛార్జీ, పాలసీ నిర్వహణ ఛార్జీ లేని ఆన్‌లైన్ యులిప్‌లు కూడా వచ్చాయి. అన్ని యులిప్‌లూ చెడ్డవని నేను అనడం లేదు. మంచిదో చెడ్డదో తేల్చుకోవడానికి ఇంత లెక్క వేయాల్సి రావడమే నా ఫిర్యాదు. టర్మ్ పాలసీ అయితే రెండు ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఇండెక్స్ ఫండ్ అయితే ఒక్క ఖర్చు శాతం చూస్తే చాలు.

నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మన ఊర్లోనే ఉంది, నానక్‌రామ్‌గూడలో. యులిప్‌ను పెట్టుబడి పథకంగా ప్రకటనల్లో చూపించకూడదని 2024లో వాళ్లు కంపెనీలకు చెప్పారు. ప్రకటనల సంగతి సరే, బ్యాంకు కౌంటరు దగ్గర "ఎఫ్‌డీ కన్నా మంచి స్కీమ్ ఉంది" అని నోటితో చెప్పే మాటకు అడ్డు ఎవరు?

కొత్తగా తీసుకున్నవారు ఉంటే, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లో వద్దనుకుంటే వాపసు ఇవ్వవచ్చు. అది దాటితే ఐదేళ్ల దాకా డబ్బు బయటకు రాదు, మధ్యలో కట్టడం మానేసినా సరే. ఐదేళ్లు నిండినవారు పాత ఛార్జీలను తలుచుకుని బాధపడకుండా, ఇక ముందు పడే ఛార్జీలను మాత్రమే చూసి నిర్ణయించుకోండి. కట్టిన కేటాయింపు ఛార్జీ ఎలాగూ తిరిగి రాదు.

స్టేట్‌మెంట్లు తెచ్చుకోమని కబురు పెట్టాను, కొందరి చేతుల్లో కనిపిస్తున్నాయి. మొదటి పేజీలోని ఫండ్ విలువ ఇప్పుడు చూడకండి. లోపల లావాదేవీల పట్టిక ఉంటుంది, "యూనిట్ల రద్దు" అని నెలనెలా వరుసలు. పన్నెండు వరుసల్లోని రూపాయలు కూడండి. ఆ వెనక వరుసలో లైటు సరిగా పడటం లేదు, ఎవరైనా ఆ స్విచ్చు వేయండి, మీ కాగితంతోనే మొదలుపెడదాం.