మూతపడ్డ ఫండ్లని కూడా లెక్కలో కలపండి

అధ్యక్షులు గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకి, బ్రాడీపేట నుంచీ పట్టాభిపురం నుంచీ ఇంత ఎండలో వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్తే టీ టైమ్ అయిపోతుంది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తా.

నాకు ఇచ్చిన టాపిక్ రిటైర్ అయ్యాక పొదుపు. నాలుగు పాయింట్లు రాసుకొచ్చా గానీ, ఇక్కడికొచ్చి కూర్చోగానే మీ కుర్చీల మీద పెట్టిన ఆ మ్యూచువల్ ఫండ్ల రంగు కాగితం చూశాను. అందులో రెండో లైను చదవండి. ఈ కేటగిరీ ఈక్విటీ ఫండ్లు గత పదేళ్ళలో సగటున ఏడాదికి 12.5 శాతం ఇచ్చాయి అని ఉంది. ఇంక ఆ నాలుగు పాయింట్లు పక్కన పెట్టేస్తున్నా, ఈ ఒక్క లైను గురించే మాట్లాడతా, అధ్యక్షులు గారు ఏమీ అనుకోవద్దు.

ఆ అంకె అబద్ధం అనట్లేదు నేను. కూడిక, భాగహారం కరెక్టుగానే చేసుంటారు. నేను అడిగేది ఒకటే, ఆ సగటులో ఎవరెవరు ఉన్నారు? ఇవాళ బతికున్న ఫండ్లు ఉన్నాయి. పదేళ్ళ కింద వీటితో పాటే అమ్మి, మధ్యలో మూసేసినవో, ఇంకో స్కీములో కలిపేసినవో ఉంటాయే, అవి లేవు. పదేళ్ళ రిటర్న్ రావాలంటే ఇవాళ ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, ఉండాలి కదా, వాటికి ఇవాళ ఎన్ఏవీ లేదు, కాబట్టి టేబుల్లో గడి కూడా లేదు. ఎవరూ పనిగట్టుకుని దాచక్కర్లేదు, ఇవాళ్టి లిస్టు తీసుకుని వెనక్కి లెక్కేస్తే చాలు, వాటంతటవే మాయం అయిపోతాయి. దీన్నే సర్వైవర్‌షిప్ బయాస్ అంటారు. నేను స్టాటిస్టిక్స్ పాఠం చెప్పి బతికినవాణ్ణి, మన గుంటూరు విజయవాడ వాళ్ళకి ఇది అర్థం చేయించడం చాలా తేలిక. జాయిన్ అయిన పిల్లల్ని వదిలేసి పరీక్ష దాకా ఉంచుకున్న పిల్లల మీద మాత్రమే పాస్ పర్సెంటేజీ లెక్కేసి హోర్డింగ్ పెట్టిన కాలేజీలు మనకి కొత్తేం కాదు. మధ్యలో టీసీ ఇచ్చి పంపించేసిన పిల్లాడు ఆ పర్సెంటేజీలో ఎక్కడున్నాడు? ఇదీ అంతే.

అయితే ఒక మాట. మూతపడే ఫండ్లు బాగున్నవీ బాగోనివీ సమానంగా పోతే సగటుకి పెద్ద నష్టం రాదు. కానీ అలా పోవు. బాగా నడుస్తున్న ఫండ్‌ని ఏ కంపెనీ మూసుకుంటుంది చెప్పండి? రిటర్న్ సరిగా లేకపోతే జనం డబ్బు తీసేస్తారు, ఫండ్ చిన్నదైపోతుంది, దాన్ని నడిపే ఖర్చు బరువవుతుంది, అప్పుడు అదే కంపెనీ తన దగ్గరున్న బాగా నడిచే స్కీములో దీన్ని కలిపేస్తుంది. డబ్బు బతికే ఉంటుంది, పేరూ చరిత్రా పోతాయి. బోర్డు మీద మిగిలేది బాగా నడిచినదాని చరిత్రే.

మా బావగారి సంగతి చెప్తాను. ఆయన పేరు వద్దు, ఈ ఊళ్ళోనే ఉంటారు. 2008 మొదట్లో మార్కెట్ మంచి ఊపుమీద ఉంది, ఎక్కడ చూసినా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండ్లు, రోడ్లు, పవర్, పోర్టులు, దేశమంతా కట్టేస్తున్నారు అని. ఆయన ఖాతా ఉన్న బ్యాంకులో ఒక కుర్రాడు, సార్ పది రూపాయలకే యూనిట్ అని, ఎఫ్‌డీ విడగొట్టించి మరీ 2 లక్షలు పెట్టించాడు. పది రూపాయలకే అంటే చవక అనుకున్నారు పాపం, ఇలాంటి కొత్త ఫండ్లు మామూలుగా పది రూపాయలతోనే మొదలవుతాయి, అందులో చవకేం లేదు, అది ఎవరూ చెప్పలా. 20,000 యూనిట్లు వచ్చాయి. ఆ ఏడాదే మార్కెట్ పడింది, ఎన్ఏవీ సగానికి కిందకి పోయింది. ఆయన తియ్యలేదు, ఓపిక పట్టారు. ఆరేళ్ళు పట్టారు. ఆరేళ్ళకి ఎన్ఏవీ 9.50 దగ్గర ఉండగా ఒక ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం నేనే చదివి పెట్టాను ఆయనకి. నాలుగు పేజీలు, చిన్న అక్షరాలు. మీ స్కీముని మా ఫలానా స్కీములో విలీనం చేస్తున్నాం, ఇష్టం లేకపోతే 30 రోజుల్లో ఎగ్జిట్ లోడ్, అంటే బయటికెళ్ళే చార్జీ, లేకుండా మీ డబ్బు తీసుకోండి, ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఆయన ఏమీ చెప్పలేదు, చాలామంది చెప్పరు. తర్వాత స్టేట్‌మెంట్ వచ్చింది. 20,000 యూనిట్లు ఇంటూ 9.50, 1,90,000 రూపాయలు. కలిపిన స్కీము ఎన్ఏవీ 190. 1,000 యూనిట్లు. అంతే. కాగితం మీద పాత ఫండ్ పేరు కూడా లేదు, కొత్త స్కీము పేరు, పక్కనే దాని ఫ్యాక్ట్ షీటు, మొదలైనప్పటి నుంచీ అద్భుతంగా పెరిగిన గీత. బావగారు ఆ గీత చూసి, నా ఫండ్ బానే పెరిగిందిరా అన్నారు నాతో. ఏవండీ, ఆ గీతలో ఆయన డబ్బు ఒక్కరోజు కూడా లేదు! ఆయన ఆరేళ్ళు ఉన్న గీత వేరే, అది కిందకి వెళ్ళిన గీత, దాన్నిప్పుడు ఏ బ్రోచరూ గీయదు. 2 లక్షలు ఆరేళ్ళకి 1,90,000 అయిన సంగతి ఏ సగటులోనూ లేదు. ఆయన తర్వాత డబ్బు సంపాదించుకున్నారో లేదో అనేది కాదు నా బాధ, ఆయనకి జరిగింది లెక్కల్లో జరగనట్టే అయిపోయింది, అదీ నా బాధ. ఈ హాల్లో ఇలాంటి ఉత్తరం అందుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా.

సరే, లెక్క. ఎంత తేడా వస్తుందో చూద్దాం, కాగితం పెన్నూ ఉన్నవాళ్ళు రాసుకోండి. ఇవి నేను లెక్క కోసం అనుకున్న అంకెలు. పది ఫండ్లు, ఒక్కోదాంట్లో లక్ష. పదేళ్ళకి ఆరు మిగిలాయి, ఏడాదికి 12.5 శాతం చొప్పున పెరిగాయి, ఒక్కో లక్షా దాదాపు 3 లక్షల 25 వేలు అయింది. కాగితంలో రాసేది ఇదే. మిగతా నాలుగూ ఏడాదికి 4 శాతమే ఇచ్చి అయిదో ఏట మూతపడ్డాయి, అప్పటికి లక్ష, 1 లక్షా 22 వేలు దాకా అయింది. ఆ డబ్బుని బాగున్నవాటిల్లో కలిపారు అనుకుందాం, మిగతా అయిదేళ్ళు అదీ 12.5 శాతమే సంపాదించింది అనుకుందాం, అంటే నేను వాళ్ళకి చాలా ఉదారంగా వేస్తున్నా. అయినా పదేళ్ళకి అది 2 లక్షల 19 వేలే. ఇప్పుడు పదింటినీ కలిపి సగటు తియ్యండి, 2 లక్షల 83 వేలు వస్తుంది. ఏడాదికి దాదాపు 10.9 శాతం. 12.5 ఎక్కడ, 10.9 ఎక్కడ. లక్షకి 42 వేల తేడా. పదేళ్ళ కింద ఆ పదింట్లో ఏది మిగుల్తుందో తెలియకుండా డబ్బు పెట్టిన మనిషికి సగటున వచ్చేది రెండో అంకె.

నిజంగా ఇలా లెక్కేసినవాళ్ళున్నారు. అమెరికాలో ఎల్టన్, గ్రూబర్, బ్లేక్ అని ముగ్గురు ప్రొఫెసర్లు 1976 చివర ఉన్న ఫండ్లన్నీ పట్టుకుని, ఏది ఎక్కడ కలిసినా, కలిపిన షరతుల ప్రకారం ఆ డబ్బు వెంటే వెళ్ళి లెక్కగట్టారు. 1996లో అచ్చయింది ఆ పేపరు. ఏడాదికి 0.9 శాతం దాకా తేడా తేలింది. అంటే నా ఉదాహరణలో తేడా కాస్త ఎక్కువే వేశాను, కళ్ళకి కనపడాలని. తర్వాత 2002లో కార్‌హార్ట్, ఇంకొందరు కలిసి ఇంకో ముఖ్యమైన సంగతి చూపించారు. ఒక్క ఏడాది రిటర్న్ చూస్తే ఈ తేడా 0.07 శాతమే, లెక్కలోకి రాదు. 15 ఏళ్ళు దాటిన లెక్కల్లో ఏడాదికి 1 శాతానికి చేరింది. ఎందుకంటే కాలం పెరిగేకొద్దీ పోయినవాళ్ళు పెరుగుతారు, మిగిలినవాళ్ళు ఏరిన గింజలే. మనకి ఎప్పుడూ ఏం చెప్తారు? లాంగ్ టర్మ్ చూడండి సార్, ఏడాది రిటర్న్ చూసి నిర్ణయం తీసుకోకండి అంటారు. ఆ సలహా మంచిదే, కానీ కేటగిరీ సగటు విషయానికొచ్చేసరికి ఎంత పొడుగు కాలం చూపిస్తే అంత ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఇంకోటి, ఇది నాకు నిజంగా కోపం తెప్పించేది. ఆ కాగితంలోనే కింద, ఈ సగటు ఇండెక్స్ కంటే, అంటే సెన్సెక్స్ లాంటి షేర్ల సూచీ కంటే, ఎక్కువ అని రాశారు. ఇండెక్స్ తన పోయినవాళ్ళని మోస్తుందండీ. మన సత్యం కంప్యూటర్స్ సెన్సెక్స్‌లో ఉండేది. 2009 జనవరి 7న, లెక్కలు దొంగవని ఛైర్మనే ఒప్పుకున్న ఉత్తరం బయటికొచ్చిన రోజు, షేరు ఒక్క పూటలో ముప్పాతిక పైగా పడిపోయింది. ఆ దెబ్బ సెన్సెక్స్ తిన్నాకే సత్యాన్ని ఆ నెలలో లిస్టులోంచి తీశారు. తీసేశారు కదా అని వెనకటి అంకెలు మార్చలేదు, ఆ నష్టం ఇప్పటికీ ఆ గీతలో ఉంది. మరి ఫండ్ల సగటు? పడిన ఫండ్‌ని తీసేసి, అది పడిన కాలాన్ని కూడా తీసేస్తుంది. నష్టాలు మోసేదాన్నీ మొయ్యనిదాన్నీ పక్కపక్కన పెట్టి ఇది గెలిచింది అనడం న్యాయమా? మీరే చెప్పండి. ఇండెక్స్‌తో ఫండ్లని పోల్చే స్పివా రిపోర్టు అని వస్తుంది, మన దేశానికి కూడా ఉంది, అందులో కాలం మొదట్లో ఉన్న ఫండ్లన్నిటినీ లెక్కలో పెట్టుకుని, చివరికి ఎంత శాతం మిగిలాయో విడిగా చూపిస్తారు. కాగితం ఇచ్చినవాళ్ళని ఆ అంకె అడగండి.

వెనకాల ఎవరో అడుగుతున్నారు, 2018లో నా ఫండూ కలిపేశారు, అది కూడా చెత్తదేనా అని. మంచి ప్రశ్న. కాకపోవచ్చండి. 2017 అక్టోబర్లో మార్కెట్లని నియంత్రించే సెబీ ఒక సర్క్యులర్ ఇచ్చింది, ఒక్కో కంపెనీకి ఒక్కో కేటగిరీలో ఒక్క స్కీమే ఉండాలి అని, ఇండెక్స్ ఫండ్లు, థీమ్ ఫండ్ల లాంటి కొన్నిటికి మినహాయింపు. దాంతో బానే నడిచేవి కూడా కొన్ని ఒకే రకం రెండున్నాయని కలిసిపోయాయి. కొన్నిటికి పేరు మాత్రమే మారింది, అవి చావలేదు. అందుకే ఎన్ని పోయాయి అని లెక్కపెట్టి ఊరుకుంటే సరిపోదు, పోయేముందు అవి ఎంత ఇచ్చాయో చూడాలి.

ఎలా చూడాలి అంటే, ఫండ్ కంపెనీల సంఘం ఆంఫీ సైట్లో పాత తేదీల ఎన్ఏవీలు దొరుకుతాయి. పదేళ్ళ కిందటి ఒక తేదీ పెట్టి ఆ రోజున్న స్కీములన్నీ దించుకోండి. ఇవాళ్టివి కూడా దించుకోండి. పేరుతో పోల్చొద్దు, పేర్లు మారతాయి, స్కీము కోడ్‌తో పోల్చండి. పాత లిస్టులో ఉండి కొత్తదాంట్లో లేనివే మనం వెతికేవి. ఒక్కోదానికి చివరి ఎన్ఏవీ ఏ రోజుదో చూసి, అక్కడిదాకా దాని రిటర్న్ లెక్కేసి, అదే కాలానికి ఇండెక్స్ పక్కన పెట్టండి. డివిడెండ్ ఆప్షన్ వదిలేసి గ్రోత్ ఆప్షనే తీసుకోండి, లేకపోతే డివిడెండ్ పంచినందుకు ఎన్ఏవీ తగ్గింది చూసి నష్టం అనుకుంటారు. మీ మనవళ్ళు ఎక్సెల్‌లో ఒక సాయంత్రం కూర్చుంటే ఒక కేటగిరీకి అయిపోతుంది.

అధ్యక్షులు గారు టైమ్ చూపిస్తున్నారు. ఒక్క విన్నపం చేసి దిగుతా. చేతులెత్తినవాళ్ళు ఆ విలీనం ఉత్తరాలూ, పాత స్టేట్‌మెంట్లూ ఉంటే పారెయ్యకండి, వచ్చే మీటింగుకి జిరాక్స్ తీసుకురండి, ఫోలియో నంబర్లు కొట్టేసి తెండి. పాత స్కీము పేరు, కొన్న తేదీ, కలిపిన రోజు ఎన్ఏవీ, ఈ మూడూ చాలు. నేను టేబుల్ తయారుచేసి, ఈ రంగు కాగితం ఇచ్చినవాళ్ళ చేతికే ఇస్తాను, వాళ్ళ 12.5 పక్కన ఇవి కూడా వేసి మళ్ళీ సగటు తియ్యమని అడుగుతాను.