పిడుగు పడితే పడిపోయే ఈఎల్‌సీబీ: ఆలస్యంగా స్పందించే రకాన్ని రొయ్యల చెరువు మీద పరీక్షించాను

నమస్కారం. ఈ రోజు నా చేతిలో ఉన్నది మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ ఈఎల్‌సీబీ అని పిలిచే, కరెంటు భూమిలోకి లీకైతే సరఫరాను ఆపే ఆర్‌సీసీబీ. రెండు పోళ్లు, 40 ఆంపియర్లు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి తెగే రకం. దీనిని తయారీదారు నాకు ఉచితంగా పంపించారు. ఈ వీడియోకు డబ్బు తీసుకోలేదు, ముందుగా వారికి చూపించనూ లేదు. మిగిలిన వివరాలు పెట్టె మీద, దుకాణాల పేజీలలో మీరు చూసే ఉంటారు కనుక, దీనిలోని ఒకే ఒక్క గుణం గురించి మాట్లాడతాను: లీకేజీ కనిపించిన వెంటనే తెగకుండా ఇది కనీసం 10 మిల్లీ సెకన్లు ఆగి చూస్తుంది.

ఈ గుణం నాకు ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల నర్సరీ చెరువు దగ్గరకు వెళ్లాలి. అక్కడ షెడ్డులో ఉన్న ఒకే ఆర్‌సీసీబీ నుంచి నాలుగు ఆర్మర్డ్ కేబుళ్లు, ఒక్కొక్కటి 150 మీటర్లు, సింగిల్ ఫేజ్ ఏరేటర్లకు వెళ్తాయి. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో ఎక్కడో దూరంగా ఉరిమినా ఆ ఆర్‌సీసీబీ తెగిపోయేది. నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది తెల్లవారుజామున, కాబట్టి రాత్రి ఏరేటర్లు ఆగితే నష్టం తెల్లవారేసరికే తెలుస్తుంది. జనరేటర్ ఉన్నా అది తనంతట తాను స్టార్ట్ కాదు, ఎందుకంటే అది చూసేది లైన్‌లో కరెంటు ఉందా లేదా అని మాత్రమే. లైన్‌లో కరెంటు ఉంది, తెగినది మన ఆర్‌సీసీబీ.

ఉరుముకు, ఆర్‌సీసీబీకి సంబంధం ఏమిటి? ఈ పరికరంలో ఫేజు, న్యూట్రల్ రెండూ ఒక ఇనుప వలయం గుండా వెళ్తాయి. వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తే వలయానికి ఏమీ తెలియదు. కొంత భూమిలోకి పోతే ఆ తేడా తెలుస్తుంది. పిడుగు మన తీగ మీద పడనవసరం లేదు. ఒక కిలోమీటరు దూరంలో పడినా, లైన్ మీద ఫేజు, న్యూట్రల్ రెండూ కలిసి భూమితో పోలిస్తే కొన్ని వేల వోల్టులు ఒక్కసారిగా పైకి లేవవచ్చు. అప్పుడు కేబుల్‌లోని తీగకు, భూమికి కలిపిన ఆర్మర్‌కు మధ్యనున్న ఇన్సులేషన్ ఒక పొడవాటి కెపాసిటర్ లాగా పనిచేస్తుంది. నాలుగు కేబుళ్లు కలిపితే 600 మీటర్లు. కిలోమీటరుకు సుమారు 0.25 మైక్రో ఫారడ్ అనుకుంటే మొత్తం 0.15 మైక్రో ఫారడ్. వోల్టేజీ 10 మైక్రో సెకన్లలో 2000 వోల్టులు పెరిగితే ఆ కెపాసిటర్‌లోకి 30 ఆంపియర్ల వరకు దూసుకుపోతుంది. ఇది ఆర్‌సీసీబీ అంకెకు వెయ్యి రెట్లు. ఇన్సులేషన్‌కు ఏమీ కాలేదు, ఎవరికీ షాక్ కొట్టలేదు, అయినా భూమిలోకి కరెంటు పోయిన మాట నిజమే, దానినే ఆర్‌సీసీబీ చూసింది.

అయితే ఆ ప్రవాహం ఒక మిల్లీ సెకను కూడా నిలవదు. 10 మిల్లీ సెకన్లు ఆగగలిగిన పరికరానికి అది వచ్చిందీ వెళ్లిందీ తెలియకుండానే పోతుంది. ఇలాంటి రకాన్ని 3000 ఆంపియర్ల సర్జ్ కరెంటుతో పరీక్షిస్తారు. మనిషి ప్రాణానికి ఆ ఆలస్యం ప్రమాదం కాదా అని మీరు అడగవచ్చు. నిజమైన లీకేజీ నిలిచి ఉంటే ఇది మామూలు 30 మిల్లీ ఆంపియర్ల పరికరానికి ఉన్న కాలపరిమితిలోనే తెగాలి. 150 మిల్లీ ఆంపియర్లు దాటితే 40 మిల్లీ సెకన్లలోపే తెగాలి. మే నెల నుంచి నేటి వరకు ఎన్నో ఉరుములు వచ్చినా మా బాబాయి షెడ్డులో వాటి వల్ల ఇది ఒక్కసారీ తెగలేదు. ఈ విషయంలో నాకు చాలా సంతోషంగా ఉంది, దానిని దాచుకోను.

కానీ మొదటి వారంలో ఇదే పరికరం రెండుసార్లు తెగింది. ఆకాశంలో మబ్బు కూడా లేదు. రెండుసార్లూ కరెంటు పోయి తిరిగి వచ్చిన తరువాతే తెగింది. పెట్టె మీద రాయని సంగతి ఇదే, నాకు కోపం తెప్పించినదీ ఇదే. ఆ కెపాసిటర్ పిడుగు కోసం కాచుకుని ఉండదు, 50 హెర్ట్‌జ్ కరెంటును రోజంతా భూమిలోకి పంపుతూనే ఉంటుంది. లెక్క తెర మీద చూడండి.

```
I = 2 × π × f × C × V
I = 314 × 0.15 × 10⁻⁶ × 230 = 0.0108 A
```

అంటే కేబుళ్లకే సుమారు 11 మిల్లీ ఆంపియర్లు. మోటార్లు, లైట్ల ఫిల్టర్లు మరో 3 కలిపితే 14. 30 అని రాసిన ఆర్‌సీసీబీ 15 దాటిన తరువాత ఎప్పుడైనా తెగవచ్చు, 30 దగ్గర తప్పక తెగాలి. కాబట్టి మేము ముందు నుంచే అంచు మీద ఉన్నాము. కరెంటు తిరిగి వచ్చినప్పుడు నాలుగు మోటార్లూ ఒకేసారి లేచే ఆ కొద్ది క్షణాలలో లీకేజీ ఆ అంచు దాటేది. పిడుగు సర్జ్ క్షణంలో పోతుంది కనుక ఆలస్యం దానికి మందు. ఇది మాత్రం నిలిచి ఉండే లీకేజీ, ఎంత ఆగి చూసినా పోదు.

ఇంతకు ముందు ఒక ఎలక్ట్రీషియన్ ఈ సమస్యకు 300 మిల్లీ ఆంపియర్ల పరికరం పెట్టి వెళ్లాడు. తెగడం ఆగింది. కానీ నీటిలో దిగి ఏరేటర్ సరిచేసే మనిషికి 300 రక్షణ కాదు, అది మంటల నుంచి వైరింగ్‌ను కాపాడడానికి. ఆ తరువాత నేనే, తెగితే తనంతట తాను మళ్లీ ఆన్ అయ్యే ఒక పరికరం తెచ్చాను. నిజమైన లీకేజీ ఉన్నప్పుడు చెరువులో ఎవరో ఉండగా అది మళ్లీ కరెంటు ఇస్తుందేమోనన్న భయంతో తీసేశాను.

చివరకు చేసిన పని ఇది. షెడ్డులో పైన 300 మిల్లీ ఆంపియర్ల, కింది పరికరాల కన్నా ఎక్కువసేపు ఆగి చూసే ఎస్ రకం పెట్టి, దాని కింద ఈ పరికరాలు రెండు పెట్టి, ఒక్కొక్కదానికి రెండేసి కేబుళ్లు ఇచ్చాము. ఇప్పుడు ఒక్కొక్కదాని మీద 7 మిల్లీ ఆంపియర్లే. మామూలుగా ఉండే లీకేజీ అంకెలో 30 శాతం లోపల, అంటే 9 దగ్గర ఆపాలన్నది నేను పాటించే పద్ధతి. కేబుళ్లు ఇంకా పొడవైతే 30 పరికరాన్ని చెరువు గట్టున, ఏరేటర్ దగ్గరే పెట్టాలి, అప్పుడు పొడవాటి కేబుల్ దాని లెక్కలోకి రాదు. సర్జ్ ప్రొటెక్టర్ పెట్టేవారు దానిని 30 మిల్లీ ఆంపియర్ల పరికరానికి ముందే పెట్టాలి; తరువాత పెడితే పిడుగు కరెంటు భూమికి పోయిన ప్రతిసారీ మీ పరికరం దానిని లీకేజీగా చూస్తుంది.

ఇది నిజమైన లోపమా, కేబుల్ పొడవా అన్నది తెలుసుకోవడానికి, లీకేజీ క్లాంప్ మీటర్‌ను ఫేజు, న్యూట్రల్ రెండింటి చుట్టూ కలిపి వేసి చూడండి. మోటార్లన్నీ ఆపి, ఒక్కొక్క కేబుల్‌కు కరెంటు ఇస్తూ చూస్తే, కెపాసిటెన్స్ వల్ల వచ్చేది పొడవుకు తగ్గట్టు పెరుగుతుంది, వాన పడినా మారదు. వానకు పెరిగితే జాయింట్‌లోకి నీరు దిగిందని అనుమానించాలి. తరువాత కరెంటు ఆపి, మోటార్లు, లైట్లు, సర్జ్ ప్రొటెక్టర్ విడదీసి, ఇన్సులేషన్‌ను కొలిచే 500 వోల్టుల మెగ్గర్ వేయండి. మంచి కేబుల్‌లో అంకె ముందు తక్కువగా మొదలై, కెపాసిటర్ నిండేకొద్దీ వందల మెగా ఓముల వైపు పాకుతుంది. ఒక మెగా ఓము దగ్గరే నిలిచిపోతే ఆ కేబుల్‌లోనే లోపం ఉంది. పరీక్ష అయ్యాక కేబుల్‌ను భూమికి తాకించి డిశ్చార్జ్ చేయడం మరువకండి, అంత పొడవులో నిలిచిన చార్జి చేతికి గట్టిగానే తగులుతుంది.

నా తీర్పు: పిడుగుల కోసం దీనిని నేను సొంత డబ్బుతో కొంటాను, రెండవదాన్ని అలాగే కొన్నాను కూడా. ఎన్ని మీటర్ల కేబుల్ వరకు దీనిని వాడవచ్చో పెట్టె మీద ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ మొదటి వారంలో మా బాబాయి రెండు రాత్రులు చెరువు గట్టున మెలకువగా కూర్చునేవాడు కాదు, తయారీదారుకు నేను ఉత్తరంలో రాసినదీ ఇదే.