రెండు శ్రావణాల లెక్క

(విజయవాడలో గణితాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

2023లో మన విజయవాడలో ఏ ఇంట్లో చూసినా ఒకటే చర్చ. శ్రావణం రెండుసార్లు వచ్చింది, వరలక్ష్మీ వ్రతం ఏ శ్రావణంలో చేసుకోవాలి అని. మొదటిది అధిక శ్రావణం, రెండోది నిజ శ్రావణం, వ్రతం నిజ శ్రావణంలోనే అని పెద్దవాళ్లు తేల్చారు. మా ఇంట్లో పాత పంచాంగాలు పారేసే అలవాటు లేదు. ఆ కట్ట విప్పి వెనక్కి వెళ్తే 2004లో కూడా అధిక శ్రావణమే కనబడింది. 2007లో అధిక జ్యేష్ఠం, 2026లోనూ అధిక జ్యేష్ఠమే. రెండు చోట్లా తేడా పంతొమ్మిదేళ్లు. 2004 తర్వాత 2023 దాకా వచ్చిన అధికమాసాలను వేళ్ల మీద లెక్కపెట్టాను: 2007, 2010, 2012, 2015, 2018, 2020, 2023. మొత్తం ఏడు.

ఈ పంతొమ్మిదికి ఏడు అనే లెక్క ఎక్కడ పుడుతుందో ఇవాళ మీ ముందు బోర్డు మీద చేసి చూపిస్తాను. దానికి పదో తరగతి పిల్లలు గ.సా.భా. కోసం చేసే యూక్లిడ్ భాగహారం తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ముందు అంకెలు తీసుకుందాం. ఆర్యభటుడు 499 ప్రాంతంలో ఇచ్చిన గణన ప్రకారం ఒక మహాయుగం 43,20,000 సౌర సంవత్సరాలు. అందులో చంద్రుడి భ్రమణాలు 5,77,53,336. వీటిలోంచి సూర్యుడి భ్రమణాలు 43,20,000 తీసేస్తే చాంద్రమాసాలు వస్తాయి. ఏడాదికి పన్నెండు చొప్పున సౌరమాసాలను కూడా తీసేస్తే మిగిలేవి 15,93,336. అవే అధికమాసాలు. అంటే ఏడాదికి 15,93,336/43,20,000 అధికమాసం. పైనా కిందా 24తో కొట్టేస్తే 66,389/1,80,000. ఈ 24 సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

లక్షా ఎనభై వేల ఏళ్లకు అరవై ఆరు వేల చిల్లర అధికమాసాలు అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మనకు చిన్న అంకెల్లో, దీనికి బాగా దగ్గరగా ఉండే భిన్నం కావాలి. భాగహారం మొదలుపెడదాం.

```
180000 = 2 × 66389 + 47222
 66389 = 1 × 47222 + 19167
 47222 = 2 × 19167 +  8888
 19167 = 2 ×  8888 +  1391
  8888 = 6 ×  1391 +   542
```

ఇక్కడ ఆగి మొదటి వరుసను భిన్నంగా చదవండి. 1,80,000ను 66,389తో భాగిస్తే 2, పైన 47,222/66,389. మన భిన్నం దీనికి తలకిందులు కాబట్టి అది 1/(2 + 47222/66389). లోపల మిగిలిన ముక్క ఒకటి కంటే చిన్నది. దాన్నీ తలకిందులు చేస్తే 66,389/47,222. చూశారా, అది సరిగ్గా రెండో వరుసలో చేసిన భాగహారమే. గ.సా.భా. పద్ధతిలో భాజకాన్ని భాజ్యంగా, శేషాన్ని భాజకంగా మార్చుకుంటాం కదా, భిన్నాన్ని తిరగేయడమంటే అదే పని. అలా దిగుతూ పోతే భాగఫలాలు ఒకదాని కింద ఒకటి గొలుసులా చేరతాయి:

```
1/(2 + 1/(1 + 1/(2 + 1/(2 + 1/(6 + ...)))))
```

దీన్నే అవిచ్ఛిన్న భిన్నం అంటాం. శేషాలు ప్రతిసారీ తగ్గుతాయి, పూర్ణాంకాలు సున్నా కంటే కిందికి తగ్గలేవు. కాబట్టి అకరణీయ సంఖ్యకు ఈ గొలుసు ఎక్కడో ఒకచోట తెగి తీరాలి. మన లెక్కలో పద్నాలుగు భాగహారాలకు తెగుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. స్కూల్లో మనం భాగఫలం చూసి, శేషాన్ని తర్వాతి వరుసకు దించేసి మర్చిపోతాం. ఆ శేషాన్ని పట్టుకుని ఎక్కణ్ణించి వచ్చావని అడుగుదాం. 47,222 అంటే ఒక 1,80,000లోంచి రెండు 66,389లు తీసేయగా మిగిలింది. 19,167 అంటే 66,389లోంచి ఆ 47,222 తీసేయగా మిగిలింది. విప్పి చూస్తే మూడు 66,389లలోంచి ఒక 1,80,000 తీసేసినట్టు. ఇలాగే విప్పుకుంటూ పోతే:

```
 8888 = 3 × 180000 − 8 × 66389
 1391 = 19 × 66389 − 7 × 180000
```

పంతొమ్మిది, ఏడు! అవి వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. గొలుసును 2, 1, 2, 2 దగ్గర తెంచి భిన్నంగా మార్చినా 7/19 వస్తుంది. అంతకు ముందరి మెట్టులో 3/8, దానికి ముందు 1/3, అన్నిటికంటే ముందు 1/2.

అంటే శేషం వృథాగా మిగిలింది కాదు. గొలుసును అక్కడ తెంచితే ఎంత తప్పు వస్తుందో చెప్పేది అదే. ఎనిమిదేళ్లకు మూడు అధికమాసాలు అనుకుంటే, మూడు నిండడానికి 8,888/1,80,000 మాసం తక్కువ పడుతుంది. చాంద్రమాసం 29.53 రోజులు కాబట్టి అది ఒకటిన్నర రోజుకు కాస్త తక్కువ. పంతొమ్మిదేళ్లకు ఏడు అనుకుంటే తేడా 1,391/1,80,000 మాసం, అంటే సుమారు ఐదున్నర గంటలు.

ఈ తేడా పంచాంగంలో కనబడుతుంది. 2004లో అధిక శ్రావణం. ఎనిమిదేళ్లకు 2012లో అధిక భాద్రపదం. ఇంకో ఎనిమిదేళ్లకు 2020లో అధిక ఆశ్వయుజం. మూడో అధికమాసం నిండడానికి కొంచెం తక్కువ పడుతోంది కాబట్టి ప్రతిసారీ ఒక నెల ఆలస్యంగా వచ్చింది. పంతొమ్మిదేళ్ల లెక్కలో తేడా చాలా చిన్నది, అందుకే శ్రావణం మళ్లీ శ్రావణంలోనే పడింది. అలాగని అది శాశ్వతం కాదు. ఆ ఐదున్నర గంటలు పోగుపడి ఒక పూర్తి మాసం కావడానికి సుమారు 2,459 ఏళ్లు పడుతుంది, కానీ అధికమాసం పేరు మారడానికి అంత కాలం అక్కర్లేదు.

గొలుసును ఎక్కడ తెంచాలి అన్నదానికి జవాబు తర్వాతి భాగఫలంలో ఉంది. 7/19 తర్వాత వచ్చేది 6. అది పెద్దది ఎందుకంటే 8,888 పక్కన 1,391 బాగా చిన్న శేషం. పెద్ద భాగఫలం రాబోతోందంటే దానికి ముందు తెంచడం లాభం. తర్వాతి మెట్టు 45/122. అంత పెద్ద అంకెలు మోసి మనం సాధించేది కొద్ది గంటలే.

ఇక 24. కొట్టివేత చేయకుండా 43,20,000, 15,93,336 లతోనే మొదలుపెట్టి ఉంటే? భాగఫలాలన్నీ అవే. శేషాలు మాత్రం ఒక్కొక్కటీ 24 రెట్లు: 11,33,328, 4,60,008, అలా. చివరికి సున్నాకు ముందు మిగిలే శేషం 1 బదులు 24. అదే ఆ రెండు సంఖ్యల గ.సా.భా. ముందుగా కొట్టివేత చేసుకోవాల్సిన పనే లేదు, గొలుసు దాన్ని పట్టించుకోదు.

పిల్లలు కాలిక్యులేటర్‌లో 0.3688 అని తీసుకుని మొదలుపెడతారు. అప్పుడేం జరుగుతుందో చూడండి. 0.3688 అంటే 461/1250. దాని భాగఫలాలు 2, 1, 2, 2, 6, 1, 8. అసలు సంఖ్యవి 2, 1, 2, 2, 6, 2, 1, 1, 3, 3, 1, 3, 1, 3. మొదటి ఐదూ కలిశాయి, ఆరోదాని దగ్గర దారి తప్పింది. దశాంశాన్ని కుదించినప్పుడు ఎక్కడిదాకా నమ్మవచ్చో తెలుసుకోవాలంటే 0.3687తో ఒకసారి, 0.3689తో ఒకసారి చేసి చూడండి. రెండిటిలోనూ కలిసినంత మేరకే మీది. పూర్ణసంఖ్యలు చేతిలో ఉన్నప్పుడు మాత్రం దశాంశం జోలికి పోకండి.

ఇంకొక్క మాట. ఇద్దరు పిల్లలు ఒకే లెక్క చేసి, ఒకరు చివర 3 అనీ ఇంకొకరు 2, 1 అనీ రాస్తే ఎవరికీ మార్కులు తగ్గించకండి. 3 అన్నా, 2 + 1/1 అన్నా ఒకటే. ప్రతి అకరణీయ సంఖ్యకూ ఇలా సరిగ్గా రెండు రాతలుంటాయి. భాగహారం తనంతట తాను ఇచ్చేది మాత్రం 3తో ముగిసేదే.

బోర్డు చెరపడం లేదు. మిగిలిన తొమ్మిది వరుసలు ఎవరైనా వచ్చి పూర్తి చేయండి. 1391ని 542తో భాగించడం దగ్గర మొదలుపెట్టాలి.