రైజర్ షాఫ్ట్‌లో ఏది ఎక్కించాలి: బస్‌బారా, కేబులా?

హోస్ట్: హైదరాబాద్‌లో కొల్లూరు, నార్సింగి వైపు ఎటు చూసినా ముప్పై, నలభై అంతస్తుల టవర్లే. కింద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పై అంతస్తు దాకా కరెంటు ఎక్కేది ఒక ఇరుకు షాఫ్ట్‌లోంచి. ఆ షాఫ్ట్‌లో బస్‌బార్ ట్రంకింగ్, అంటే పెట్టెలో అమర్చిన లోహపు పట్టీలు వేయాలా, కేబుళ్ళు వేయాలా? ఈ ఎపిసోడ్ దాని గురించే. టవర్ల ఎలక్ట్రికల్ డిజైన్, సైట్ పనులు రెండూ చూసే ఇంజనీర్ అన్న మనతో ఉన్నారు. అన్నా, మొదటి ప్రశ్న రేటు గురించే అడుగుతా. ఏది చౌక?

ఇంజనీర్: అందరూ అక్కడే మొదలుపెడతారు. మీటర్‌కు ఎంత అని చూస్తే చిన్న కేబులే చౌక. కానీ ఆ కేబుల్ ఎన్ని స్లాబులు దాటుతుందో ఎవరూ లెక్కపెట్టరు. నేనైతే ముందు దాన్నే లెక్కపెడతా.

హోస్ట్: ఒక టవర్ తీసుకుని చెప్పండి.

ఇంజనీర్: 30 అంతస్తులు, అంతస్తుకు 4 ఫ్లాట్లు, మొత్తం 120 అనుకుందాం. ఒక్కో ఫ్లాట్‌కు 10 కిలోవాట్లు. అందరూ ఒకేసారి ఏసీ, గీజర్ వేయరు కాబట్టి డైవర్సిటీ 0.4 పెట్టుకుంటే 480 కిలోవాట్లు. 415 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.9 దగ్గర అది సుమారు 740 ఆంప్స్. షాఫ్ట్‌లో వేడి ఉంటుంది, రేపు ఈవీ చార్జర్లు వస్తాయి. అందుకని 1000 ఆంప్స్ బస్‌బార్ ఒక్కటి పైదాకా ఎక్కిస్తాం. అంతస్తుకొక ట్యాప్ ఆఫ్ బాక్స్ బస్‌బార్ నుంచి కరెంటు తీసుకుంటుంది, దాని నుంచి మీటర్ ప్యానెల్‌కు. ఆ బస్‌బార్ దాటే స్లాబులు 30. అంటే మంట, పొగ పైకి పాకకుండా ఫైర్ సీల్ చేయాల్సిన చోట్లు 30.

హోస్ట్: అదే కేబుల్ అయితే?

ఇంజనీర్: అంతస్తుకొక కేబుల్ చొప్పున 30 కేబుళ్ళు కింద నుంచి బయలుదేరతాయి. మొదటి స్లాబు 30 దాటుతాయి, రెండోది 29, మూడోది 28. అలా ఒకటి దాకా కూడితే 465. బస్‌బార్‌కు 30 సీళ్ళు, కేబుళ్ళకు 465 దాట్లు. పైగా కింది అంతస్తుల్లో అవి కట్టగట్టినట్టు ఉంటాయి. కేబుల్‌కూ కేబుల్‌కూ మధ్య సందులోకి సీలెంట్ పోదు, పైన మాత్రం నున్నగా పూత కనిపిస్తుంది.

హోస్ట్: మూడు పెద్ద కేబుళ్ళు ఎక్కించి, అంతస్తు అంతస్తుకూ లూప్ చేస్తే సరిపోదా?

ఇంజనీర్: కాగితం మీద సరిపోతుంది. కానీ 300 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం కేబుల్‌ను వంచాలంటే రెండు అడుగులకు పైగా రేడియస్ కావాలి. మన షాఫ్టుల్లో మనిషి నిలబడటమే కష్టం. పైగా ప్రతి అంతస్తులో వచ్చే కేబుల్‌కూ, పోయే కేబుల్‌కూ చివర లోహపు లగ్గులు కొట్టాలి. ఒక్క లగ్గు వదులైతే పైనున్న అంతస్తులన్నీ చీకటే.

హోస్ట్: అయితే బస్‌బార్ వేసేసి కళ్ళు మూసుకోవచ్చు.

ఇంజనీర్: (నవ్వు) అప్పుడే అసలు టెన్షన్ మొదలు. బస్‌బార్‌కు మొదటి శత్రువు నీళ్ళు. టవర్ కట్టేటప్పుడు పై అంతస్తులో ఫ్లోర్ కడుగుతారు, ఆ నీళ్ళు స్లాబులోని కటౌట్ దగ్గరికొచ్చి తిన్నగా బస్‌బార్ మీద పడతాయి. అందుకే కటౌట్ చుట్టూ రెండు మూడు అంగుళాల కాంక్రీటు గట్టు కట్టించకుండా నేను బస్‌బార్ ఎక్కించనివ్వను. బస్‌బార్ పీసులుగా వస్తుంది, ప్రతి పీసునూ ఎక్కించక ముందు మెగ్గర్ చేయాలి, అంటే ఇన్సులేషన్ బాగుందో లేదో మీటర్‌తో చూడాలి, జాయింట్ వేశాక మళ్ళీ చేయాలి. ముప్పై అంతస్తులూ ఎక్కించాక ఒకేసారి మెగ్గర్ పెట్టి జీరో వస్తే, ఏ పీసులో నీళ్ళున్నాయో వెతకడానికి ఒక్కో జాయింట్ విప్పుకుంటూ పోవాల్సిందే.

హోస్ట్: ఇప్పుడు ఫైర్ బారియర్ సంగతి. బస్‌బార్ లోపలే బారియర్ ఉంటుందంటారు కదా?

ఇంజనీర్: రెండు దారులున్నాయి మంటకు. ఒకటి బస్‌బార్ పెట్టె లోపల నుంచి, రెండోది పెట్టెకూ స్లాబుకూ మధ్య ఖాళీ నుంచి. శాండ్‌విచ్ రకంలో కండక్టర్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, లోపల గాలి ఆడే సందు ఉండదు. గాలి ఇన్సులేషన్ రకంలో మాత్రం పెట్టె లోపల పొగగొట్టం లాంటి ఖాళీ. దానికి ఫ్యాక్టరీలోనే లోపలి బారియర్ పెట్టి పంపాలి, ఆ పీసు సరిగ్గా స్లాబు ఎత్తులోనే కూర్చోవాలి. డ్రాయింగు చూసి ఆర్డర్ ఇస్తే, పోడియం అంతస్తు ఎత్తు వేరుగా ఉండి బారియర్ ఒక అడుగు కింద పడుతుంది. లేదా జాయింటే స్లాబులో ఇరుక్కుంటుంది, ఇక జన్మలో దాని బోల్టు బిగించలేరు. అందుకే స్లాబులు పోశాక టేపు పట్టి కొలిచాకే ఆర్డర్.

హోస్ట్: బయటి ఖాళీకి సిమెంటు పెట్టేస్తే పని అయిపోతుందిగా?

ఇంజనీర్: చాలా సైట్లలో అదే చేస్తారు, అదే ఇబ్బంది. బస్‌బార్ బరువును అంతస్తుకొక స్ప్రింగ్ హ్యాంగర్ మోస్తుంది. లోడు పెరిగినప్పుడు బస్‌బార్ వేడెక్కి సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. చుట్టూ గట్టి సిమెంటు బిగిస్తే స్ప్రింగు ఉన్నా లేనట్టే. కదలికకు చోటిచ్చే సీల్ కావాలి. పూత పూసిన రాక్‌వూల్ బోర్డు కోసి పెట్టి, అంచులకు ఫైర్ సీలెంట్ వేయడం మామూలు పద్ధతి.

ఇంకో సంగతి. పెట్టె అల్యూమినియందైతే అది 660 డిగ్రీలకే కరుగుతుంది. ఐఎస్ఓ 834 పరీక్షలో కొలిమి ఒక గంటకు 945 డిగ్రీలు, రెండు గంటలకు దాదాపు 1050 చేరుతుంది. అంటే మంట వైపు పెట్టె కరిగిపోయినా, ఆ చోట నిలవాల్సింది సీలూ, స్లాబూనూ. అందుకే ఆ రకం బస్‌బార్‌తో కలిపి పరీక్షించిన సీల్ రిపోర్టు అడగాలి. ఐఈసీ 61439-6 ప్రమాణంలో ఈ పరీక్ష ఉంది. సీలెంట్ డబ్బా మీద ‘2 గంటలు’ అని రాసి ఉందంటే ఒప్పుకోకూడదు.

హోస్ట్: మరి పసుపు రంగు స్ప్రే ఫోమ్? ప్రతి షాఫ్ట్‌లో కనిపిస్తుంది.

ఇంజనీర్: మామూలు పాలియురేథేన్ ఫోమ్ అది. దాని కథ తెలుసుకోవాలంటే 1975 మార్చి, అమెరికాలో అలబామా, బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రం. గోడలో కేబుళ్ళు దాటే చోట గాలి లీకవుతోందా అని ఒక సిబ్బంది కొవ్వొత్తి పట్టి చూశాడు. అక్కడున్న పాలియురేథేన్ ఫోమ్ అంటుకుంది. 1600కు పైగా కేబుళ్ళు దెబ్బతిన్నాయి, మంట ఆర్పడానికి గంటలు పట్టింది. మనకు కొవ్వొత్తి అవసరం లేదు. కింది అంతస్తు షాఫ్ట్‌లో లైటు తీసేసి, పై నుంచి టార్చి వేయండి. కింద నిలబడ్డవాడికి వెలుతురు కనబడితే సీల్ లేనట్టే. వెలుతురు కనబడకపోయినంత మాత్రాన బాగుందని కాదు, ఒకచోట గీకి లోపల ఏముందో కూడా చూడాలి.

హోస్ట్: ఇంతకీ కేబుల్ ఎక్కడ వేయమంటారు?

ఇంజనీర్: అదే పద్ధతిలో పది అంతస్తులకు దాట్లు 55. ఆ మాత్రం జాగ్రత్తగా సీల్ చేసుకోవచ్చు, అక్కడ కేబులే మేలు. ఒకటి చెడినా ఒక్క అంతస్తే పోతుంది. బస్‌బార్ చెడితే టవరంతా పోతుంది. ఎంత ఎత్తు టవరైనా ఫైర్ పంపు, ఫైర్ లిఫ్టు, మెట్లలోకి పొగ రాకుండా గాలి నెట్టే ప్రెజరైజేషన్ ఫ్యాన్లు ఈ బస్‌బార్ మీద ఉండకూడదు. వాటికి వేరే దారిలో, మంటల్లోనూ కొంతసేపు కరెంటు మోసే ఫైర్ సర్వైవల్ కేబుల్ వేయాలి.

హోస్ట్: టవర్ చేతికొచ్చాక అసోసియేషన్ వాళ్ళు ఏం చూసుకోవాలి?

ఇంజనీర్: ఇంటర్నెట్ వాళ్ళను! కొత్త ఫైబర్ లాగడానికి వచ్చి, సీల్ బోర్డును డ్రిల్‌తో పొడిచి వైరు దూర్చి వెళ్ళిపోతారు. అసలు వాళ్ళ వైర్లు కరెంటు షాఫ్ట్‌లోకి రాకూడదు. వస్తే ఎవరు ఏ తేదీన ఏ అంతస్తులో కోశారో రాసుకోవాలి, ఆ సీల్ మళ్ళీ పెట్టాకే బిల్లు పాస్ చేయాలి.