స్టూడియోకి పేరు పెట్టేముందు మీ ఇంట్లో గిన్నె తిరగేసి చూడండి

(చేతిలో స్టీలు గిన్నె. బోర్లించి అడుగుభాగం కెమెరాకి దగ్గరగా చూపించాలి.)

ఇది మా అమ్మ గిన్నె. అడుగున చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది, కనిపిస్తోందా? పెళ్లివాళ్లింటికి వీధిలో గిన్నెలన్నీ చేరతాయి. మూడోరోజు ఎవరివి వాళ్లు తీసుకెళ్లాలి. అన్నీ స్టీలే, అన్నీ ఒకే సైజు. ఏది ఎవరిదో చెప్పేది ఈ చుక్కలే. మా అమ్మ పేరు లక్ష్మి. మా వీధిలో లక్ష్ములు నలుగురు. అందుకే గిన్నె మీద 'లక్ష్మి' అని ఉండదు, మా ఇంటిపేరు ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా పిన్ని కొడుకు తెనాలిలో పెళ్లి ఫొటోల స్టూడియో పెడుతున్నాడు. పోయిన వారం ఫోన్ చేసి, "అన్నయ్యా, పేరు ఖాయం చేసేశా. శ్రీ సాయి డిజిటల్ వెడ్డింగ్ ఫొటోగ్రఫీ" అన్నాడు.

"ఒరేయ్, గిన్నె మీద 'గిన్నె' అని కొట్టించుకున్నట్టుందిరా" అన్నాను.

వాడికి కోపం వచ్చింది. బాబా మీద నాకేం కోపం లేదు, మా ఇంట్లోనూ పటం ఉంది. కానీ ఒక పని చేయమన్నాను. సాయంత్రం బండేసుకుని ఊళ్లో తిరిగి, కనబడిన ప్రతి స్టూడియో బోర్డూ నోట్‌బుక్‌లో రాసుకు రమ్మన్నాను. పేజీ నిండింది. ఆ పేజీలో రెండోసారి కనిపించిన ప్రతి మాటనీ కొట్టేయమన్నాను. శ్రీ పోయింది. సాయి పోయింది. డిజిటల్, స్టూడియో, వెడ్డింగ్, ఫొటోగ్రఫీ అన్నీ పోయాయి. కొత్తకుర్రాళ్ల బోర్డుల్లో క్లిక్స్, మూమెంట్స్, మెమరీస్, స్టోరీస్, ఫ్రేమ్స్ కూడా పోయాయి. కొట్టివేతలు అయ్యాక మిగిలిందే మీ పేరు. మావాడి పేరులో ఎంత మిగిలింది? సున్నా.

"పని బాగుంటే పేరుదేముంది అన్నయ్యా" అన్నాడు. ఇదిగో, నాకు చిరాకు తెప్పించే మాట ఇదే. పని ఎంత బాగుంటే అంత నష్టంరా నీకు! నువ్వు ఎండలో నిలబడి బ్రహ్మాండంగా తీస్తావు. పెళ్లికూతురి అత్తయ్య ఆల్బమ్ చూసి మురిసిపోయి, చెల్లెలికి "సాయి వాళ్లు తీశారే" అని చెబుతుంది. ఆవిడ ఫోన్‌లో వెతికి, పైన వచ్చిన ఇంకో సాయికి ఫోన్ చేస్తుంది. పాయసం చేసింది మీరు, గిన్నె చేరింది పక్కింటికి. మావాడు ఇదివరకు పనిచేసిన చోట ఇది నిజంగా జరిగింది. ఆ స్టూడియో పేరు చెప్పను. మాఘమాసం ముహూర్తానికి అడ్వాన్స్ వేశామని పెళ్లివాళ్లు ఫోన్. వీళ్ల అకౌంట్లో పైసా లేదు. అదే పేరున్న ఇంకో స్టూడియో నంబరుకి వేశారు. డబ్బు తిరిగొచ్చింది కానీ, ఆ నాలుగు రోజులు ఇరువైపులా టెన్షన్.

సరే, మరి ఏ పేరు పెట్టాలి? పెళ్లి ఫొటోగ్రాఫర్ పేరు మొదట వినపడేది ఎక్కడో ఆలోచించండి. ఫంక్షన్ హాల్లో. తలంబ్రాలు పోస్తుంటే, పక్కన డోలు సన్నాయి మోగుతుంటే, ఒకావిడ "ఎవరమ్మా ఫొటోలు?" అని అరుస్తుంది. జవాబు ఆ మేళంలో వినపడాలి. విన్నది ఇంటికెళ్లాక ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయగలగాలి. ఈ రెండూ దాటితే చాలు.

కెమెరాని వదిలేసి పెళ్లిలో మాటలు వెతకమన్నాను. మొదట వచ్చింది 'అడ్డుతెర'. జీలకర్ర బెల్లం పెట్టాక తెర తీసే క్షణం మీ పని మొత్తానికి కీలకం కదా, భలే మాట. పిన్ని వినగానే, "షాపు పేరులో అడ్డు ఏమిట్రా" అంది. పోయింది. 'అక్షింతలు' అన్నాడు. అక్షింతలు పడ్డాయంటే తిట్లు పడ్డాయని కదా మనం అనేది. పైగా టైప్ చేయమంటే ముగ్గురు మూడు రకాలు: akshintalu, akshinthalu, akshitalu. 'సన్నికల్లు' నాకు నచ్చింది. మేళంలో అరిచి చూస్తే 'కల్లు' ఒక్కటే వినపడింది. 'పందిట్లో' అని ఇంకోటి. Panditlo అని రాసి పక్కింటి పిల్లాడి చేతికిస్తే 'పండిట్ లో' అని చదివాడు. ఇది తప్పకుండా చేయండి: రాసి, సంగతేమీ తెలియని మనిషికిచ్చి, పైకి చదవమనండి. మీకు తెలుసు కాబట్టి మీకు సరిగ్గానే వినిపిస్తుంది, మీ చెవిని నమ్మొద్దు.

చివరికి పిన్నే తేల్చింది. వంటింట్లోంచి, "పెళ్లికూతుర్ని మేనమామలు గంపలో కూర్చోబెట్టి తెస్తారు కదరా, ఆ ఫొటో అందరూ అడుగుతారు" అంది.

గంప.

రెండక్షరాలు. మేళంలో అరిచి చూశాం, వినపడింది. Gampa అని రాస్తే పిల్లాడు గంప అనే చదివాడు. నోట్‌బుక్‌లో ఆ పేజీ అంతా వెతికినా ఎక్కడా లేదు. పైగా 'గంపెడు ఫొటోలు' అని ఎవరైనా నవ్వుతూ అన్నా అది మనకే ప్రచారం. లోపం లేదనను. కోళ్ల గంప అని వెక్కిరించేవాళ్లు ఉంటారు. ఉత్త 'గంప' అని బోర్డు పెడితే బుట్టల కొట్టు అనుకుంటారు. అందుకే పక్కన చిన్నగా 'పెళ్లి ఫొటోలు' అని ఉండాలి. గిన్నె మీద పెద్దగా ఇంటిపేరు, పక్కన చిన్నగా ఊరు కొట్టించినట్టు.

అంతా అయ్యాక మా బాబాయి న్యూమరాలజీ ఆయన దగ్గరికి వెళ్లొచ్చాడు. ఇంకో పీ కలపాలట, Gamppa. కలిసొస్తుందో లేదో నాకు తెలియదు బాబాయ్, కానీ చెవిన పడిన పేరులో రెండో పీ వినపడదు. వెతికేవాళ్లు ఒక్క పీతోనే వెతుకుతారు. పేరు తప్పుగా కొట్టిన గిన్నె అది. నమ్మకం ఉంటే ప్రారంభోత్సవం ముహూర్తంలో పెట్టుకోండి, స్పెల్లింగులో వద్దు.

(గడియారం చూసి) అయ్యో, చాలాసేపైంది. మిగతాది గబగబా చెప్పేస్తా.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఉత్త gampa దొరుకుతుందని ఆశపడొద్దు. gampaphotos లాంటిది చూసుకోండి. చుక్కలు, అండర్‌స్కోర్లు వద్దు, నోటితో చెప్పలేం. యూట్యూబ్‌లో పెళ్లి లైవ్ ఇస్తారు కదా, ఆ ఛానెల్ పేరూ అదే. గూగుల్ మ్యాప్స్‌లో బోర్డు మీద ఉన్న పేరే పెట్టండి. 'బెస్ట్ వెడ్డింగ్ ఫొటోగ్రాఫర్ ఇన్ తెనాలి' అని తోక తగిలించడం వాళ్ల నిబంధనలకి విరుద్ధం, లిస్టింగ్ ఆపేసే అవకాశం ఉంది.

ట్రేడ్‌మార్క్. ఈ పేరు ఇంకెవరైనా రిజిస్టర్ చేసుకున్నారేమో బోర్డు రాయించకముందే tmrsearch.ipindia.gov.in లో వెతకండి. ట్రేడ్‌మార్కుల్ని పనిని బట్టి క్లాసులుగా విడదీస్తారు, ఫొటోగ్రఫీ సేవలు 41వ క్లాసులోకి వస్తాయి. అక్షరాలు కలిసినవే కాదు, ఫొనెటిక్ అని ఉంటుంది, ఉచ్చారణ దగ్గరగా ఉన్నవీ చూపిస్తుంది. అదీ నొక్కండి. సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేస్తే క్లాసుకి 4,500 రూపాయలు, రిజిస్టర్ అయితే 10 ఏళ్లు. 'తెనాలి వెడ్డింగ్ ఫొటోగ్రఫీ' లాంటి పేరుకి మాత్రం దక్కడం కష్టం. ఊరి పేరు, పని పేరు ఊరందరివీ.

(ఫోన్ మోగుతుంది.) మావాడే. బోర్డు పెయింటర్ వచ్చాడట, బాబాయి పక్కనే నిలబడి ఉన్నాడట. రెండో పీ వేసేలోపు నేను మాట్లాడాలి, ఉంటాను.