కంపెనీ తన షేర్లను తానే కొంటే: ట్రెజరీ షేర్లు ఆస్తి ఎందుకు కావు

[తెరపై: ఖాళీ బ్యాలెన్స్ షీట్. ఎడమ వైపు ఆస్తులు, కుడి వైపు అప్పులు, ఈక్విటీ.]

ఒక కంపెనీ నగదు పెట్టి మరో కంపెనీ షేర్లు కొన్నప్పుడు, అవి పెట్టుబడి అనే పేరుతో ఆస్తుల్లో చేరతాయి. అదే కంపెనీ అంతే నగదు పెట్టి తన సొంత షేర్లను వాటాదారుల దగ్గర తిరిగి కొని, రద్దు చేయకుండా తన దగ్గరే ఉంచుకుంటే వాటిని ట్రెజరీ షేర్లు అంటాము. ఇవి మాత్రం ఆస్తుల్లో చేరవు. వాటికి పెట్టిన మొత్తాన్ని ఈక్విటీలో తీసివేతగా చూపుతారు. రెండు సందర్భాల్లోనూ నగదు ఒకేలా బయటికి వెళ్ళింది, షేర్లు ఒకేలా చేతికి వచ్చాయి. అయినా లెక్క ఎందుకు మారిందో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాము.

[తెరపై: నగదు 400, ఇతర ఆస్తులు 600. అప్పులు 300. వాటా మూలధనం 100, షేర్ ప్రీమియం 200, నిలవ ఉన్న లాభాలు 400.]

ఈ ఊహాత్మక కంపెనీ మొత్తం ఆస్తులు 1,000. అందులో అప్పులవాళ్ళకు చెల్లించవలసింది 300 పోగా, వాటాదారులకు మిగిలే ఈక్విటీ 700. కంపెనీ జారీ చేసిన షేర్లు 100, ఒక్కొక్కదాని ముఖ విలువ 1. ఇప్పుడు కంపెనీ ఒక్కో షేరుకు 12 చొప్పున చెల్లించి 10 షేర్లను తిరిగి కొన్నది. ఖర్చు 120.

[తెరపై: ట్రెజరీ షేర్ల ఖాతాకు డెబిట్ 120, నగదు ఖాతాకు క్రెడిట్ 120.]

చిట్టాలో పద్దు ఇంతే. ట్రెజరీ షేర్ల ఖాతాకు డెబిట్ రాస్తాము కాబట్టి అది ఆస్తే అయి ఉంటుందని చాలామంది విద్యార్థులు పొరబడతారు. ఆ పొరపాటు సహజమే, ఎందుకంటే ఆస్తి పెరిగినప్పుడు డెబిట్ రాయడం మనకు మొదటి పాఠంలోనే అలవాటవుతుంది. అయితే ఈక్విటీ తగ్గినప్పుడు రాసేది కూడా డెబిటే. ఇక్కడ జరిగింది ఆ రెండోది. నగదు 280కి, మొత్తం ఆస్తులు 880కి తగ్గాయి. అప్పులు 300 అలాగే ఉన్నాయి. ఈక్విటీలో పాత మూడు పద్దులనూ ముట్టుకోకుండా, వాటి కింద ట్రెజరీ షేర్లు అని రాసి 120ని తీసివేతగా చూపితే ఈక్విటీ 580 అవుతుంది.

[తెరపై: ఈక్విటీ భాగం పెద్దదిగా. చివరి వరుసలో బ్రాకెట్లలో 120.]

కారణం తెలియాలంటే షేరు అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. అప్పులన్నీ తీరిన తరువాత కంపెనీలో మిగిలే దానిపై ఉండే హక్కే షేరు. మరో కంపెనీ షేరు మన చేతిలో ఉంటే, మన బయట ఉన్న సంపదపై మనకు హక్కు ఉన్నట్టు. మన షేరే మన చేతిలో ఉంటే, మన దగ్గర ఇప్పటికే ఉన్న సంపదపై మనకే హక్కు ఉన్నట్టు. దానివల్ల బయటి నుంచి ఒక్క పైసా కూడా అదనంగా రాదు. నేను రాసి ఇచ్చిన ప్రామిసరీ నోటు తిరిగి నా చేతికే వస్తే, ఆ బాకీ తీరిపోయిందంటామే గాని నాకు కొత్త ఆస్తి వచ్చిందని ఎవరూ అనరు. సాధారణంగా ట్రెజరీ షేర్లకు ఓటు ఉండదు, డివిడెండ్ కూడా రాదు.

ఇదే తర్కాన్ని చివరి దాకా తీసుకువెళ్దాము. ఒక కంపెనీ తన షేర్లన్నింటినీ కొనేసి, వాటిని ఆస్తిగా చూపిందనుకుందాము. బయట వాటాదారుడు ఒక్కడూ లేడు, ఇచ్చిన నగదు తిరిగి రాదు, అయినా బ్యాలెన్స్ షీట్ మాత్రం ఈక్విటీ చెక్కుచెదరలేదని చెబుతుంది. అప్పు ఇచ్చినవాడు ఆ కాగితాన్ని నమ్మితే నష్టపోయేది అతడే. మన ఉదాహరణలో కూడా 120ని ఆస్తిగా చూపితే ఈక్విటీ 700గానే నిలిచి, అప్పు ఈక్విటీలో 43 శాతమే కనబడుతుంది. సరైన లెక్కలో అది దాదాపు 52 శాతం. కంపెనీ ఒకవేళ మూతపడితే అప్పులవాళ్ళకు పంచవలసింది 880 విలువైన ఆస్తులనే; ట్రెజరీ షేర్లు అమ్మి బాకీ తీర్చగలిగే పరిస్థితి అప్పుడు ఉండదు.

ఈ విషయంలో అకౌంటింగ్ వృత్తి మొదటి నుంచీ ఒకే మాట మీద లేదు. అమెరికాలో 1953లో వెలువడిన అకౌంటింగ్ రీసెర్చ్ బులెటిన్ 43, తగిన వివరణ ఇస్తే కొన్ని సందర్భాల్లో వీటిని ఆస్తిగా చూపడానికి బహుశా అవకాశం ఉండవచ్చని అన్నది. అయితే ఆ షేర్లపై డివిడెండ్‌ను ఆదాయంగా రాయరాదని కూడా అదే చోట చెప్పింది. ప్రస్తుత అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 32 సాధారణ నియమంగా వీటిని ఈక్విటీలో నుంచి తీసివేయమంటుంది. కొనుగోలు, అమ్మకం, జారీ, రద్దు ఏది జరిగినా లాభనష్టాల ఖాతాలో లాభం గానీ నష్టం గానీ చూపరాదని కూడా చెబుతుంది.

[తెరపై: 6 షేర్లు × 15 = 90. వాటి కొన్న ధర 72. తేడా 18.]

ఈ చివరి మాటే ఎక్కువమందికి కొరుకుడుపడదు. మన కంపెనీ ఆ 10 షేర్లలో 6ను తరువాత 15 చొప్పున అమ్మిందనుకోండి. నగదు 90 వచ్చింది, ట్రెజరీ షేర్ల ఖాతాలో నుంచి 72 తొలగిపోయింది. మిగిలిన 18 లాభంలా కనిపించినా, దాన్ని షేర్ ప్రీమియం వంటి ఈక్విటీ పద్దుకే చేరుస్తారు. ఆ డబ్బు వ్యాపారంలో సంపాదించినది కాదు, కొత్త వాటాదారులు పెట్టిన మూలధనం. దాన్ని లాభమనడానికి వీలుంటే, తన పరిస్థితి అందరికంటే ముందు తెలిసిన యాజమాన్యం సొంత షేర్లు కొని అమ్ముతూ ప్రతి త్రైమాసికంలోనూ లాభాలు చూపగలుగుతుంది.

ఇంకా ఉన్న 4 షేర్లను ధర పడిపోయాక 6 చొప్పున అమ్మితే నగదు 24 వస్తుంది, కొన్న ధర మాత్రం 48. ఈ 24 తేడా కూడా నష్టంగా నమోదు కాదు. అమెరికా పద్ధతిలో ముందుగా ట్రెజరీ షేర్ల అమ్మకాల వల్ల ప్రీమియంలో చేరిన 18ని వాడుకుని, చాలని 6ను నిలవ ఉన్న లాభాల్లో నుంచి తగ్గిస్తారు. ఆఖరికి ఈక్విటీ 694. ఈ మొత్తం వ్యవహారంలో పోయిన నగదు 120, వచ్చినది 114. ఆ 6 తేడా ఈక్విటీలో సరిగ్గా కనిపిస్తోంది, లాభనష్టాల ఖాతాను తాకనే లేదు. మధ్యలో మార్కెట్ ధర ఎంత మారినా ట్రెజరీ షేర్ల పద్దు కొన్న ధర దగ్గరే ఉంటుందని కూడా గమనించండి.

[తెరపై: పై పెట్టెలో మాతృ సంస్థ, కింది పెట్టెలో అనుబంధ సంస్థ. కింది నుంచి పైకి ఒక బాణం.]

అసలు తప్పు జరిగేది తరచుగా ఇంకో చోట. అనుబంధ సంస్థ తన మాతృ సంస్థ షేర్లను కొంటే, దాని సొంత పుస్తకాల్లో అవి పెట్టుబడిగానే ఉంటాయి. ఏకీకృత ఖాతాలు తయారు చేసేటప్పుడు ఆ పద్దును గుర్తించి, ఆస్తుల్లో నుంచి తీసి ఈక్విటీలో తగ్గించాలి. వాటి ధర పెరగడం వల్ల రాసిన లాభం ఉంటే దాన్ని కూడా వెనక్కి తిప్పాలి. ఉద్యోగుల ప్రయోజనం కోసం కంపెనీ నియంత్రణలో నడిచే ట్రస్టు కొన్న షేర్లనూ సాధారణంగా ఇలాగే చూడాలి. జారీ చేసిన షేర్ల సంఖ్య, వాటాదారుల చేతిలో ఉన్న షేర్ల సంఖ్య, ఈక్విటీలోని తీసివేత, నగదు ప్రవాహ పట్టికలో ఆర్థిక కార్యకలాపాల కింద ఉన్న కొనుగోలు మొత్తం, ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పొసగకపోతే ఇలాంటి షేర్లు ఎక్కడో పెట్టుబడుల్లో ఉండిపోయి ఉండవచ్చని వెతకాలి.

[తెరపై: ఈక్విటీ భాగం. నిలవ ఉన్న లాభాల వరుస, దాని కింద అంతకంటే పెద్ద తీసివేత.]

ఏళ్ల తరబడి కొంటూపోతే ఈ తీసివేత ఎంత పెద్దదవుతుందో మెక్‌డొనాల్డ్స్ బ్యాలెన్స్ షీట్ చూపుతుంది. 2016 చివరి నాటికి ఆ కంపెనీ మొత్తం ఈక్విటీ సున్నా కంటే కిందికి పోయింది. నష్టాలు పేరుకుపోయాయనుకుంటే పొరబాటు, ఎందుకంటే నిలవ ఉన్న లాభాలు అప్పటికీ వేల కోట్ల డాలర్లలో ఉన్నాయి. వాటిని మించిపోయింది వాటి కిందనే ఉన్న ట్రెజరీ షేర్ల వరుస.